తిన్న కాసేపటికి పై కడుపులో మంట: ఎసిడిటీ, గ్యాస్ట్రైటిస్, అల్సర్ తేడా ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: "నాకు 41 ఏళ్ళు. మూడు నెలలుగా అన్నం తిన్న అరగంటకు పై కడుపులో మంట మొదలవుతోంది. మందుల షాపులో గ్యాస్ మాత్ర ఇచ్చారు. వేసుకున్నన్ని రోజులు తగ్గుతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. ఒకరు ఎసిడిటీ అంటారు, ఒకరు గ్యాస్ట్రైటిస్ అంటారు, మా అత్తగారు అల్సరే అంటున్నారు. కారం పూర్తిగా మానేశాను. ఎండోస్కోపీ చేయించుకోవాలా? వేరే జబ్బులేమీ లేవు. నడుము నొప్పికి మాత్రం వారానికి రెండు మూడు సార్లు మాత్ర వేసుకుంటాను."

జవాబు:

మీరు రాసిన వాటిలో నా కన్ను మొదట ఆగింది చివరి వాక్యం దగ్గర. నడుము నొప్పి మాత్ర సంగతి మీరు వేరే విషయంగా రాశారు. నాకు అది ఇదే విషయం అనిపిస్తోంది. దాని దగ్గరకు వస్తాను. అంతకంటే ముందు ఆ మూడు పేర్లకూ మధ్య తేడా ఏమిటో చెప్పాలి, లేకపోతే మాత్ర సంగతి ఎందుకంత ముఖ్యమో అర్థం కాదు.

నేను 22 ఏళ్ళుగా జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. కడుపులో మంట అని వచ్చినవారిని నేను మొదట పేరు అడగను, మంట ఎక్కడో చేత్తో చూపించమంటాను. కొందరు అరచేతిని బొడ్డు పైన పెట్టి, అక్కడి నుంచి రొమ్ము ఎముక మీదుగా గొంతు దాకా పైకి రాస్తూ చూపిస్తారు. కొందరు అరచేయి మొత్తం పై కడుపు మీద పరిచి "ఈ మేరంతా" అంటారు. కొద్దిమంది ఒక్క వేలితో ఒక్క చోట నొక్కి "ఇదిగో, ఇక్కడే" అంటారు. చెయ్యి గొంతు వైపు వెళ్ళినవారిలో ఆమ్లం పైకి తన్నుతోందేమో అని నా ఆలోచన మొదలవుతుంది. వేలితో చూపినవారిని పుండు గురించి రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాను. దీనితోనే జబ్బు తేలిపోదు, ఎటువైపు వెతకాలో మాత్రం తెలుస్తుంది.

మన పొట్టలో ఊరే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. అంత ఘాటు ద్రవం రోజంతా పొట్ట గోడను తాకుతున్నా గోడ కాలిపోదు. కారణం, ఆ గోడ తన మీద తానే జిగురు పొర ఒకటి పూసుకుంటూ ఉంటుంది. ఆ జిగురు కింద సోడా వంటి క్షారం కూడా ఊరుతుంది, పొర దాటి వచ్చిన కొద్దిపాటి ఆమ్లాన్ని అది విరిచేస్తుంది. ఇంటి గోడకు ప్లాస్టరింగ్ ఎలాంటిదో పొట్టకు ఈ పూత అలాంటిది. అన్నవాహికకు, అంటే గొంతు నుంచి పొట్టకు వెళ్ళే గొట్టానికి, ఇంత గట్టి పూత లేదు. ఎసిడిటీ అని మనం వాడే మాటకు వైద్యంలో సరైన అర్థం చాలాసార్లు ఇదే: ప్లాస్టరింగ్ లేని గోడ మీదకు నీళ్ళు చిమ్మడం. గ్యాస్ట్రైటిస్ అంటే ప్లాస్టరింగ్ చెమ్మెక్కి ఉబ్బడం. అల్సర్ అంటే ఒకచోట పెచ్చు ఊడి లోపలి ఇటుక బయటపడడం. ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే మెట్లు కావు. ఎసిడిటీని పట్టించుకోకపోతే గ్యాస్ట్రైటిస్ అయి, అది ముదిరి అల్సర్ అవుతుందని చాలామంది అనుకుంటారు. పైకి తన్నే ఆమ్లం ఏళ్ళ తరబడి బాధించినా పొట్టలో పుండు పడకపోవచ్చు. మంట అన్నదే తెలియకుండా పుండు పడినవారిని ఎందరినో చూశాను.

ముందు ఆమ్లం పైకి తన్నే సంగతి. అన్నవాహిక పొట్టలోకి చేరే చోట కండరంతో ఏర్పడిన ఒక కవాటం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. పొట్ట నిండుగా ఉబ్బినప్పుడు, నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉన్నప్పుడు, పొగ తాగేవారిలో, ఒళ్ళు వచ్చినవారిలో, గర్భిణుల్లో అది వదులవుతుంది లేదా కింద నుంచి వచ్చే ఒత్తిడికి ఓడిపోతుంది. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి అవకాశం ఇంకా పెరుగుతుంది. ఈ రకం మంటకు గుర్తు భంగిమతో మారడం. తిని పడుకుంటే ఎక్కువవుతుంది, వంగి పని చేస్తే ఎక్కువవుతుంది, నిటారుగా కూర్చుంటే కొంత సర్దుకుంటుంది. పులితేన్పు వస్తుంది, నోట్లోకి పుల్లటి లేదా చేదు నీరు ఊరుతుంది. కొందరికి తెల్లవారుజామున దగ్గు, పొద్దున్నే గొంతు బొంగురు కూడా ఉంటాయి.

మన ఇళ్ళలో రాత్రి పదిన్నరకు భోజనం, పదకొండుకు మంచం. కవాటం వదులుగా ఉన్నవారికి ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచితే మందు లేకుండానే సగం బాధ తగ్గినవారిని చూశాను. రాత్రి మంట ఉంటే మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేయండి. రెండు దిండ్లు పెట్టుకుంటే చాలదా అని అందరూ అడుగుతారు. దిండ్లు తలను మాత్రమే లేపుతాయి, శరీరం నడుము దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలే. అలా పడుకుంటే పొట్టలోని ద్రవం కవాటం కంటే కిందకు ఉంటుంది.

మీ బాధ గొంతు వైపు వెళ్తోందని మీరు రాయలేదు. వెళ్ళకపోయినా ఆమ్లం తన్నడం కాదని కొట్టిపారేయలేను, కొందరికి ఇది పై కడుపులోనే మంటగా తెలుస్తుంది. కానీ భంగిమతో ఏ మార్పూ లేకపోతే దాని అవకాశం తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి మీరు ఇంట్లోనే గమనించి చూడవచ్చు.

ఇక గ్యాస్ట్రైటిస్. ఈ మాటను ఇంతగా వాడడం నాకు బాధగా ఉంటుంది. కడుపులో మంట వచ్చిన ప్రతివారికీ ఈ పేరు పెట్టేస్తారు. గ్యాస్ట్రైటిస్ అంటే పొట్ట లోపలి పొర వాచడం. వాచిందో లేదో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. ఎండోస్కోపీలో చూసి, చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తేనే తెలుస్తుంది. అలా చూసినా, వాపుకూ బాధకూ లెక్క కుదరదు. పొట్ట అంతా ఎర్రగా ఉన్న మనిషి హాయిగా భోజనం చేస్తుంటాడు. లోపల పొర నున్నగా, గులాబీ రంగులో మెరుస్తున్న మనిషి మంటతో నిద్రపోలేడు. రిపోర్టులో "యాంట్రల్ గ్యాస్ట్రైటిస్" అన్న మాట చూసి భయపడి నా దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పేది, పొట్ట కింది భాగంలో కాస్త ఎరుపు కనిపించిందని మాత్రమే దాని అర్థం, మీ బాధకు అదే కారణమని కాదు అని.

నిజంగా బాధపెట్టే గ్యాస్ట్రైటిస్ లేకపోలేదు. ఒక రాత్రి బాగా మద్యం తాగాకో, వరుసగా నొప్పి మాత్రలు వేసుకున్నాకో హఠాత్తుగా వచ్చేది ఒకటి: మంట, వికారం, వాంతి, తిండి చూస్తేనే అయిష్టం. కారణం ఆపితే కొద్ది రోజుల్లో పొర మళ్ళీ బాగుపడుతుంది. రెండోది ఏళ్ళ తరబడి సాగేది. దానికి ముఖ్య కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. మన దేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా మంది పొట్టల్లో ఇది ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

మరి మంట ఉండి, ఎండోస్కోపీలో పొర బాగానే ఉంటే? ఇలా పై కడుపు బాధతో ఎండోస్కోపీ చేయించుకున్న పదిమందిలో ఏడెనిమిది మందికి పుండు కానీ మరో పెద్ద లోపం కానీ కనిపించదు. దీన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటాం. అన్నం చేరినప్పుడు పొట్ట పై భాగం సంచిలా సాగి చోటు ఇవ్వాలి. వీరిలో అది సరిగ్గా సాగదు, లేదా అక్కడి నరాలు మామూలు ఆమ్లాన్నీ మామూలు సాగుడునూ కూడా నొప్పిగా అందుకుంటాయి. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుంటుంది, తిన్న తర్వాత బరువుగా, మంటగా ఉంటుంది. "ఏమీ లేదన్నారు, అంతా నీ భ్రమే" అని ఇంట్లోవాళ్ళు అనడం నేను విన్నాను. ఆ నొప్పి నిజమైనదే. కళ్ళకు కనిపించే గాయం లేదు, అంతే.

ఇప్పుడు మీ అత్తగారు చెప్పిన అల్సర్. పొరలో కనీసం 5 మిల్లీమీటర్ల మేర, లోతుగా గుంట పడితే దాన్ని పుండు అంటాం. అది పొట్టలో పడవచ్చు, పొట్ట దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలో, అంటే ఆంత్రమూలంలో పడవచ్చు. ఈ రెండింటి నొప్పి వేళలు వేరని పాతకాలం వైద్య పాఠాల నుంచి వస్తోంది. ఆంత్రమూలంలో పుండుకు పరగడుపున మంట వస్తుంది, తిన్న రెండు మూడు గంటలకు మొదలవుతుంది, అర్ధరాత్రి దాటాక నిద్ర లేపుతుంది. రెండు బిస్కెట్లో కాసిని పాలో తాగితే తగ్గుతుంది. పొట్టలో పుండైతే తిన్న కాసేపటికే నొప్పి వస్తుంది, అందుకే ఆ మనిషి తిండికి భయపడి తగ్గించేస్తాడు, బరువు తగ్గుతుంది. ఈ లెక్క ప్రకారం మీ అరగంట మంట పొట్ట పుండుకు దగ్గరగా కనిపిస్తుంది. కానీ ఇది నూటికి నూరుపాళ్ళు నమ్మదగిన లెక్క కాదు. పైన చెప్పిన ఫంక్షనల్ డిస్పెప్సియా కూడా తిన్న వెంటనే బాధిస్తుంది, పైగా అది ఎంతో ఎక్కువమందిలో ఉంటుంది. వేళను చూసి అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు.

పుండు ఎందుకు పడుతుంది? కారం తినడం వల్ల అని మన నమ్మకం. ఆందోళన వల్ల అని ఒకప్పుడు వైద్యులే నమ్మారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు పొట్ట పొర నుంచి తీసిన ఆ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని స్వయంగా తాగాడు. కొద్ది రోజుల్లోనే అతనికి వికారం, వాంతులు మొదలయ్యాయి, ఎండోస్కోపీలో పొర వాచి కనిపించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పుండ్లలో అత్యధిక భాగానికి కారణాలు రెండే అని ఇప్పుడు మనకు తెలుసు: ఈ బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు.

కారం మాటకొస్తే, 1984లోనే ఢిల్లీ వైద్యులు ఆంత్రమూలంలో పుండు ఉన్నవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ భోజనంలో 3 గ్రాముల ఎండుమిర్చి పొడి ఇచ్చారు. నాలుగు వారాల తర్వాత చూస్తే పుండు మానడంలో రెండు జట్ల మధ్య తేడా లేదు. కాబట్టి కారం పుండును పుట్టించదు, మానకుండా అడ్డుకోదు. అయితే నరాలు సున్నితంగా ఉన్న పొట్టలో మంట రేపగలదు. ఆవకాయ తిన్న రోజు మంట ఎక్కువైతే తగ్గించండి. తేడా ఏమీ తెలియకపోతే మూడు నెలలుగా చప్పిడి తిండి తింటూ ఇబ్బంది పడాల్సిన పని లేదు. పాలు కూడా అంతే. తాగినప్పుడు చల్లగా ఉంటుంది, గంట తర్వాత పాలలోని మాంసకృత్తులు, కాల్షియం ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయి.

ఇప్పుడు మీ నడుము నొప్పి మాత్ర దగ్గరకు వస్తాను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి వాపును తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను ఆపి. కానీ పొట్ట గోడ తన జిగురు పూతను పూసుకునేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్ల సాయంతోనే. నడుములో వాటిని ఆపే మాత్ర పొట్టలోనూ ఆపేస్తుంది. తాపీ మేస్త్రీని పనిలోంచి పంపేస్తే ప్లాస్టరింగ్ ఎవరు వేస్తారు? "అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను కదా" అంటారు, "మాత్ర మానేసి ఇంజెక్షన్ తీసుకుంటున్నాను" అంటారు. మందు రక్తంలో కలిసి పొట్ట గోడకు చేరుతుంది కాబట్టి తిన్నాక వేసుకున్నా, సూదితో వేయించుకున్నా ఆ ముప్పు పోదు.

ఒక మనిషి సంగతి చెబుతాను. 54 ఏళ్ళ దర్జీ. రోజంతా మిషను మీద వంగి కూర్చునే పని, నడుము నొప్పి. రెండు నెలలుగా తిన్న వెంటనే పై కడుపులో మంట. వరుసగా నొప్పి మాత్ర, మంట లేచినప్పుడు మాత్రం గ్యాస్ మాత్ర. బాధ కొంత తగ్గుతోంది కాబట్టి పర్వాలేదనుకున్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని భార్య బలవంతం మీద వచ్చాడు. వేసుకునే మందులు చూపించమంటే చొక్కా జేబులోంచి మడిచిన చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో విడి బిళ్ళలు మూడు రకాలు, పేర్లు లేవు. దాంతోపాటు సగం వాడిన ఒక షీటు ఉంది, దాని మీద డైక్లోఫెనాక్ అని ఉంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా తెల్లగా ఉంది.

విరేచనం ఏ రంగులో ఉందని అడిగాను. "మామూలే" అన్నాడు. తారు రోడ్డు వేసేటప్పుడు చూసే తారులాగా నల్లగా, జిగటగా, నీళ్ళు పోసినా అంటుకుని, మామూలు కంటే చెడ్డ వాసనతో ఏమైనా ఉందా అని మళ్ళీ అడిగాను. కాసేపు ఆలోచించి, మూడు వారాల క్రితం నాలుగు రోజులు అలాగే ఉందని, వేడి చేసిందనుకున్నానని చెప్పాడు. అది వేడి కాదు, రక్తం. పొట్టలో కారిన రక్తం ఆమ్లంతో కలిసి పేగుల్లోంచి ప్రయాణించి బయటకు వచ్చేసరికి ఎరుపు పోయి నలుపవుతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లబడుతుంది, కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. అతను ఐరన్ ఏమీ వాడడం లేదు. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది.

మర్నాడు ఎండోస్కోపీ చేశాం. పొట్ట కింది భాగంలో 12 మిల్లీమీటర్ల పుండు, అడుగున తెల్లటి పొర, ఒక పక్క నల్లటి చుక్క. ఆ చుక్క ఈమధ్యే రక్తం కారిన చోటు. పుండు అంచుల నుంచి ముక్కలు తీసి పంపాం. పొట్టలో పుండు కనిపిస్తే ఇది తప్పనిసరి, ఎందుకంటే పొట్ట క్యాన్సర్ కూడా మొదట్లో మామూలు పుండులాగే కనిపించవచ్చు. ఆంత్రమూలంలోని పుండుకు ఆ భయం దాదాపు లేదు. అతని ముక్కల్లో క్యాన్సర్ లేదు, బ్యాక్టీరియా ఉంది. అంటే రెండు కారణాలూ ఒకేసారి పనిచేశాయి.

నొప్పి మాత్ర ఆపించి పారాసిటమాల్‌కు మార్చాం. 14 రోజులు యాంటీబయాటిక్స్‌తో బ్యాక్టీరియాకు చికిత్స, ఆమ్లం తగ్గించే మాత్ర మొత్తం ఎనిమిది వారాలు, ఐరన్ మాత్రలు. ఎనిమిది వారాలకు మళ్ళీ ఎండోస్కోపీలో చూస్తే పుండు ఉన్న చోట నక్షత్రంలా ముడుచుకున్న తెల్లటి మచ్చ మాత్రమే ఉంది. ఆ తర్వాత రెండు వారాలు ఆమ్లం మాత్ర కూడా మాన్పించి, ఊపిరి పరీక్షతో బ్యాక్టీరియా పోయిందని నిర్ధారించుకున్నాం. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 12.6కు చేరింది. మిషను ముందు వేసుకునే స్టూలు ఎత్తు మార్చుకున్నాక నడుము నొప్పి కూడా తగ్గిందని చెప్పాడు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది గ్యాస్ మాత్ర. అది మంటను తగ్గించింది, అతన్ని రెండు నెలలు వైద్యుడి దగ్గరకు రాకుండా ఆపింది, కానీ పుండును ఆపడానికి సరిపోయినంత వాడలేదు. మీరు వాడుతున్నది బహుశా పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ కుటుంబంలోనిదై ఉంటుంది. షీటు వెనక చూడండి. ఇవి పొట్ట గోడలో ఆమ్లాన్ని తోడే పంపులను మూస్తాయి. పంపులు పనిలోకి దిగేది భోజనం చేసినప్పుడు. అందుకే మాత్ర తినడానికి అరగంట, ముప్పావుగంట ముందు పరగడుపున వేసుకోవాలి. మంట వచ్చాక వేసుకుంటే సగం ప్రయోజనం పోతుంది. పూర్తి ప్రభావం రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు చల్లబరచడానికైతే సీసాలో వచ్చే యాంటాసిడ్ ద్రవం నిమిషాల్లో పనిచేస్తుంది, గంటా రెండు గంటలే ఉంటుంది.

ఆపితే మళ్ళీ వస్తోందని రాశారు. రెండు నెలలు వాడి హఠాత్తుగా ఆపినప్పుడు, అంతకాలం అణగి ఉన్న పంపులు ఒక్కసారిగా ఎక్కువ ఆమ్లం తోడతాయి. రెండు వారాల దాకా మంట మునుపటి కంటే ఎక్కువగా కూడా అనిపించవచ్చు. జబ్బు తిరగబెట్టిందని జనం మళ్ళీ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి మానలేకపోతారు. ఆపేటప్పుడు రోజు విడిచి రోజుకు తగ్గించి, మధ్యలో అవసరమైతే యాంటాసిడ్ ద్రవంతో సర్దుకుంటే ఈ దశ దాటిపోతుంది.

మీ విషయంలో నేనేం చేస్తానో చెబుతాను. మొదట ఆ నడుము మాత్ర పేరు చూడండి. పైన చెప్పిన రకమైతే ఈ రోజే ఆపండి, నొప్పి మరీ ఉంటే పారాసిటమాల్ వాడండి. (ఇది చదువుతున్నవారిలో గుండె కోసం వైద్యులు రాసిన ఆస్పిరిన్ వాడేవారు దాన్ని మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన వైద్యుణ్ణి అడగండి.) గ్యాస్ మాత్ర ఆపిన రెండు వారాల తర్వాత హెలికోబ్యాక్టర్ కోసం ఊపిరి పరీక్ష లేదా విరేచన పరీక్ష చేయించుకోవాలి. మాత్ర వాడుతూ చేయిస్తే బ్యాక్టీరియా అణగి ఉండి, ఉన్నా లేనట్టు చూపిస్తుంది. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి. వేలిలో రక్తం తీసి చేసే యాంటీబాడీ పరీక్షకు డబ్బు పెట్టకండి, ఎప్పుడో ఉండి పోయిన బ్యాక్టీరియాకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. బ్యాక్టీరియా ఉంటే వైద్యుడు రాసిన 14 రోజుల కోర్సు ఒక్క పూట కూడా తప్పకుండా పూర్తి చేయాలి. మన దగ్గర కొన్ని యాంటీబయాటిక్స్‌కు ఇది లొంగడం తగ్గింది, మధ్యలో ఆపిన కోర్సు దాన్ని ఇంకా మొండిగా మారుస్తుంది. బ్యాక్టీరియా లేకపోతే ఆమ్లం మాత్రను పరగడుపున, సరైన పద్ధతిలో నాలుగు వారాలు వాడి చూడాలి.

ఎండోస్కోపీ అవసరమా అన్నదానికి: మీ వయసుకు, మీరు రాసిన దాన్నిబట్టి, మొదటి రోజే అవసరం లేదు. కానీ ఈ కింది వాటిలో ఒక్కటి ఉన్నా నేను ఆగను. తారులాంటి విరేచనం, రక్తపు వాంతి లేదా కాఫీ పొడి కలిపినట్టుండే వాంతి, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ముద్ద దిగకుండా అడ్డుపడడం, రక్తహీనత, ఎడతెగని వాంతులు, తల్లిదండ్రుల్లో తోబుట్టువుల్లో ఎవరికైనా పొట్ట క్యాన్సర్ ఉండడం. యాభై దాటాక మొదటిసారి ఇలాంటి బాధ మొదలైనా అంతే. వీటిలో మొదటి రెండింటిలో ఏది ఉన్నా అది అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే విషయం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కత్తితో పొడిచినట్టు ఒక్కసారిగా నొప్పి వచ్చి, కడుపు చెక్కలా గట్టిపడితే పుండు చిల్లుపడిందని అర్థం. అప్పుడు గంటలు కూడా విలువైనవి. ఎండోస్కోపీ గురించి భయం అక్కర్లేదు. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి, గొంతులో తిమ్మిరి మందు చల్లుతారు, వేలంత లావు కూడా లేని గొట్టం, పది నిమిషాల్లోపు పని.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్న గుండెపోట్లను నేను చూశాను. పై కడుపులో మంట లేదా బిగుతు నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి ఆగితే తగ్గుతున్నా, దాంతోపాటు చెమటలు, దవడకో ఎడమ చేతికో లాగడం, ఆయాసం ఉన్నా అది పొట్ట బాధ అని నిర్ణయించుకోవద్దు. ముందు ఈసీజీ తీయించుకోండి. మధుమేహం ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం, వారిలో గుండెనొప్పి తరచుగా ఛాతీలో కాకుండా ఇలాగే కనిపిస్తుంది. నూనె వంటలు తిన్న తర్వాత కుడి పక్కటెముకల కింద మొదలై వీపు మీద రెక్క దాకా పాకి, గంటకు పైగా పట్టి ఉంచే నొప్పైతే పిత్తాశయంలో రాళ్ళేమో చూడాలి. దానికి అల్ట్రాసౌండ్ చాలు.

వైద్యుడి దగ్గరకు వెళ్ళే ముందు పది రోజులు ఒక చిన్న పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: ఏ గంటకు తిన్నారు, ఏ గంటకు మంట మొదలైంది, అప్పుడు కూర్చున్నారా పడుకున్నారా, ఆ రోజు ఏ మాత్రలు మింగారు. ఏం తిన్నారో వంటల జాబితా రాయనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, వేరే జబ్బుకైనా సరే, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. పొట్లంలో కట్టిచ్చిన పేరులేని బిళ్ళలుంటే అవి కూడా. ఆ నడుము మాత్ర షీటు మీద ఏ పేరుందో, విరేచనం రంగు ఎప్పుడైనా మారిందో ఇక్కడ రాస్తే తర్వాతి అడుగు ఏమిటో చెబుతాను.